స్పియర్ గన్ ఎంత దూరం కొడుతుంది? మీ గన్‌ని మీరే కొలిచి తెలుసుకోవడం ఎలా

మైపాడు వైపు నుంచి, కొత్తపట్నం వైపు నుంచి నన్ను అడిగేవాళ్ల ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, నా గన్ దూరం కొట్టట్లేదు. ఇంకో రబ్బరు వేస్తే సరిపోతుందా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, నీళ్ల కింద ఈటెతో చేపల్ని కొట్టే ఈ గన్‌ని ఎలా కొలవాలో, దూరం ఎక్కడ ఆగిపోతుందో, రబ్బరు వేయకముందు ఏం చూసుకోవాలో ఇక్కడ వరసగా రాస్తున్నాను. ముందుగా రబ్బరు గన్ గురించి, చివర్లో గాలి గన్ గురించి చెబుతాను.

ఒక్క విషయం మొదటే మనసులో పెట్టుకోండి. రబ్బరు ఈటెను తోసేది అర మీటరు, మహా అయితే ముప్పావు మీటరు దూరమే. ఆ తర్వాత ఈటె వెళ్లేదంతా తన ఊపుతోనే. ఆ ఊపును నీళ్లు అడుగడుగునా తినేస్తుంటాయి. కాబట్టి దూరాన్ని నిర్ణయించేది ప్రధానంగా నీళ్లు. ఆ తర్వాత ఈటె బరువు, వెనక కట్టిన తాడు. రబ్బరు స్థానం వీటన్నిటి తర్వాతే.

కావలసినవి

కొలత టేపు. 50 కిలోల వరకు చూపించే కొక్కెం తూకం (లగేజీ తూచే డిజిటల్ తూకం చాలు). చెరగని మార్కర్ పెన్ను. చిన్న అద్దం పలక. కొబ్బరి పీచు కూరిన గోనె సంచి, దాని వెనక పెట్టడానికి రెండు మూడు ఇసుక బస్తాలు. మూడు మీటర్ల వెదురు కర్ర. కళ్లద్దాలు, చేతి తొడుగులు. గాలి గన్ అయితే బాత్రూమ్‌లో బరువు చూసుకునే తూకం కూడా. వీటితో పాటు పక్కన ఇంకో మనిషి తప్పకుండా ఉండాలి. ఒంటరిగా ఏదీ చేయొద్దు, ట్యాంకులో పరీక్ష అయినా సరే.

హెచ్చరిక: రబ్బరు గన్‌ని గానీ, గాలి గన్‌ని గానీ నీళ్ల బయట పేల్చకూడదు. నీళ్ల అడ్డు లేకపోతే ఈటె తాడును తెంపుకుని ఎటైనా పోవచ్చు, లేదా తాడు చివర లాగబడి మీ మీదికే తిరిగి రావచ్చు. గాలి గన్‌లో అయితే పిస్టన్ వచ్చి మూతిని గుద్దుకుని లోపల విరుగుతుంది. ఎక్కించడం, దించడం రెండూ నీళ్లలోనే, మూతి మనుషులు లేని వైపు పెట్టి చేయండి.

ఇక లెక్కలు సులువుగా అర్థమవడానికి ఒకే గన్‌ని ఉదాహరణగా తీసుకుంటాను. కొత్తపట్నం కుర్రాడు ఒకతను తెచ్చిన గన్ ఇది. 90 సెంటీమీటర్ల బారెల్, 16 మిల్లీమీటర్ల రబ్బరు ఒకటి, 6.5 మిల్లీమీటర్ల మందం, 130 సెంటీమీటర్ల పొడవు ఉన్న స్టీలు ఈటె (షాపులో షాఫ్ట్ అంటారు). మన దగ్గర కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా కొనేది ఇలాంటిదే.

1. రబ్బరు సాగే దూరం కొలవండి

గన్‌లో ఈటె పెట్టి ట్రిగ్గర్‌లో తగిలించండి, రబ్బరు మాత్రం ఎక్కించొద్దు. మూతి దగ్గర రబ్బరు దూరే రంధ్రం నుంచి ఈటె మీద రబ్బరు తగిలించే గాటు దాకా టేపు పట్టండి. ఆ కుర్రాడి గన్‌కి 85 సెంటీమీటర్లు వచ్చింది. అందులో రబ్బరు రెండు చివరలనూ కలిపే విష్‌బోన్ పొడవు 4 తీసేయండి. మిగిలింది 81. ఎక్కించినప్పుడు రబ్బరు ఒక్కో వైపు ఇంత సాగుతుంది.

ఇప్పుడు రబ్బరు తీసి, వదులుగా బల్ల మీద పరిచి, ఒక ముడి నుంచి ఇంకో ముడి దాకా మొత్తం పొడవు కొలవండి. కొత్త రబ్బరు ఉండాల్సిన పొడవుకి లెక్క ఇది:

81 × 2 ÷ 3.3 = 49 సెంటీమీటర్లు

3.3 అంటే రబ్బరు తన పొడవుకి మూడు రెట్ల పైన సాగుతోందని. 3 నుంచి 3.5 దాకా ఉంటే బాగా పనిచేస్తుంది. 3 కన్నా తక్కువైతే తోపు నీరసంగా ఉంటుంది. 3.5 దాటిస్తే ఎక్కించడం కష్టమవుతుంది, రబ్బరు త్వరగా పగులుతుంది, పడ్డ కష్టానికి తగ్గ వేగం కూడా రాదు.

కుర్రాడి రబ్బరు 56 సెంటీమీటర్లు వచ్చింది. కొన్నప్పుడు ఇంత లేదు. ఎండలో పడవ మీద వదిలేయడం వల్ల, గంటల తరబడి ఎక్కించి ఉంచడం వల్ల సాగిపోయి మళ్లీ వెనక్కి రాలేదు. లెక్క వేస్తే 162 ÷ 56, అంటే 2.9. ఇతనికి కావలసింది రెండో రబ్బరు కాదు, ఉన్న ఒక్క రబ్బరుకి సరైన పొడవు. దాన్ని కత్తిరించి మళ్లీ కట్టొచ్చు, కానీ వేలితో వంచి చూసినప్పుడు పైన సన్నటి పగుళ్లు కనిపిస్తే కత్తిరించినా లాభం లేదు. కొత్తది కొనండి.

2. తోపు ఎంత దూరం పనిచేస్తుందో గుర్తు పెట్టుకోండి

రబ్బరు మూతి దాకా ఈటెను తోస్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. 49 సెంటీమీటర్ల రబ్బరు వదులైతే ఒక్కో వైపు 24.5 ఉంటుంది. దానికి విష్‌బోన్ 4 కలపండి. అంటే మూతికి ఇంకా 28.5 సెంటీమీటర్ల వెనకే రబ్బరు పట్టు వదిలేస్తుంది. 85లో 28.5 తీస్తే 56.5. ఈటెకు అందే తోపు అంతా ఆ అర మీటరు పైచిలుకు దూరంలోనే.

అందుకే పొట్టి గన్‌కి మందం రబ్బరు వేసినా పొడుగు గన్‌తో సమానం కాదు. తోసే దూరమే తక్కువ.

3. లాగుడు బలం తూచండి

రబ్బరును గన్ నుంచి తీసి, మధ్యలో మడిచి గట్టి ఇనప కొక్కేనికి తగిలించండి. కిటికీ గ్రిల్ పనికిరాదు, ఊడి వస్తుంది. విష్‌బోన్‌కి గట్టి తాడు కట్టి, తాడు రెండో చివర తూకానికి తగిలించండి. కళ్లద్దాలు పెట్టుకుని, ముఖం పక్కకి తిప్పి, రబ్బరు 81 సెంటీమీటర్లు సాగేదాకా ఇద్దరు కలిసి నెమ్మదిగా లాగండి. విష్‌బోన్ జారితే ఉండేలు రాయిలా వచ్చి తగులుతుంది. తూకం అంకె మీ మిత్రుడిని చదవమనండి.

కొత్త రబ్బరుతో ఆ గన్‌కి వచ్చింది సుమారు 45 కిలోలు. ఈ అంకెను గన్ పిడి లోపలి వైపు మార్కర్‌తో రాసిపెట్టుకోండి. సీజన్ మొదట్లో మళ్లీ తూచినప్పుడు 38 కిందికి వస్తే రబ్బరు మార్చే రోజు వచ్చినట్టే.

ఈ అంకెతో వేగం కూడా అంచనా వేయొచ్చు. మొదట్లో 45 కిలోలున్న లాగుడు చివరికి సున్నా అవుతుంది. సగటున 60 శాతం, అంటే 27 కిలోలు అనుకోండి. అంత బలం 0.565 మీటరు దూరం తోస్తే వచ్చే శక్తి:

27 × 9.8 × 0.565 = సుమారు 150 జౌల్స్

ఇదంతా ఈటెకు అందదు. రబ్బరు తనకు తానే వేడెక్కడానికి కొంత పోతుంది, నీళ్లలో ఆ లావు రబ్బరు కూడా ముందుకి దూసుకెళ్లాలి కాబట్టి దానికి ఇంకొంత పోతుంది. మూడింట రెండొంతులు, 100 జౌల్స్ ఈటెకు దక్కిందనుకుందాం. ఈటె బరువు 340 గ్రాములు. దాన్ని బట్టి బయలుదేరే వేగం సెకనుకి 24 మీటర్లు. మీ గన్‌కి ఒకటి రెండు అటూ ఇటూ ఉండొచ్చు, మరీ తేడా రాదు.

4. నీళ్లు ఎంత తింటాయో లెక్క వేయండి

ఈ మెట్టు తెలిస్తే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

నీటి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లు. అందుకే ఈటె ఎంత వేగంగా బయలుదేరితే అంత త్వరగా ఆ వేగాన్ని పోగొట్టుకుంటుంది. ఈటె ఒంటి మీద రాసుకునే నీళ్లు, ఈటె మొన దగ్గర పైకి లేచిన ముల్లు, వెనక లాగుతున్న తాడు, అన్నీ కలిపితే ఈ 6.5 మిల్లీమీటర్ల ఈటెకు రమారమి ప్రతి రెండుంబావు మీటర్లకు వేగం సగం అవుతుంది. వేగం సగమైతే గుచ్చే శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది.

రబ్బరు వదిలిన చోట వేగం 24, శక్తి 100 జౌల్స్. రెండుంబావు మీటర్ల దగ్గర వేగం 12, శక్తి 25. నాలుగున్నర మీటర్ల దగ్గర వేగం 6, శక్తి 6 జౌల్స్ మాత్రమే. ఆ శక్తితో ఈటె పొలుసు మీద తగిలి పక్కకి జారుతుంది, లేదా గుచ్చుకున్నా ముల్లు అవతలికి దాటక చేప విదిలించుకుని పోతుంది. దెబ్బతిని పోయిన చేప మనకు దక్కదు, బతకదు కూడా. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఇప్పుడు "ఇంకో రబ్బరు" సంగతి చూడండి. రెండో రబ్బరు వేస్తే శక్తి రెట్టింపు, 200 జౌల్స్. వేగం మాత్రం రెట్టింపు కాదు, 24 నుంచి 34కి పెరుగుతుంది. ఆ 34 మళ్లీ 24కి రావడానికి నీళ్లలో ఒక మీటరు పైన కాస్త దూరం చాలు. అంటే రెట్టింపు రబ్బరు, రెట్టింపు శ్రమ పెడితే మీకు దక్కేది ఒక్క మీటరు. పైగా గన్ వెనక్కి తన్నే తన్ను 1.4 రెట్లవుతుంది, మూతి పైకి లేస్తుంది, సన్నటి ఈటె బయలుదేరేటప్పుడు వంగి ఊగుతుంది. ఊగే ఈటె పక్కవాటుగా నీళ్లను తోసుకుంటూ వెళ్తుంది కాబట్టి ఆ దక్కిన మీటరులో కూడా కొంత పోతుంది.

దానికి బదులు అదే రబ్బరుతో 7 మిల్లీమీటర్ల ఈటె వేసి చూడండి. బరువు 390 గ్రాములవుతుంది. బయలుదేరే వేగం కాస్త తగ్గుతుంది, 22 పైన ఉంటుంది. కానీ బరువు పెరిగినంతగా ఒంటి వైశాల్యం పెరగదు కాబట్టి వేగం నిలుపుకుంటుంది. మూడు మీటర్ల దగ్గర సన్న ఈటె కన్నా ఇదే గట్టిగా గుచ్చుతుంది. వెన్ను గట్టిగా ఉండే పండుగప్ప లాంటి చేపకి నేను 7 మిల్లీమీటర్లే వాడమంటాను. కొనేముందు ఒకటి చూసుకోండి. లావు ఈటె తోక మీ ట్రిగ్గర్‌లో సరిగ్గా కూర్చుని పట్టాలి. వదులుగా కూర్చుంటే ఎక్కించిన ఈటె తనంతట తానే పేలే ప్రమాదం ఉంది.

5. తాడు కొలవండి

చాలామంది మరిచిపోయేది ఇదే. ఈటె తోకకి కట్టిన తాడు మూతి దాకా వచ్చి, వెనక ట్రిగ్గర్ దగ్గరి కొక్కేనికి వెళ్లి, మళ్లీ మూతికి వచ్చి ముడిపడుతుంది. ఒక చుట్టు అయితే మొత్తం సుమారు రెండున్నర మీటర్లు. తాడు బిగిసినప్పుడు ఈటె తోక మూతికి 2.5 మీటర్ల దూరంలో, మొన 3.8 మీటర్ల దూరంలో ఉంటుంది. ఎక్కించినప్పుడే మొన మూతికి 40 సెంటీమీటర్లు ముందు ఉంది కాబట్టి, మొన నుంచి కొలిస్తే మీ ఈటె వెళ్లగలిగేది 3.4 మీటర్లే. ఎన్ని రబ్బర్లు వేసినా తాడు అక్కడ పట్టి ఆపుతుంది.

మన గన్‌కి ఆ చివరి అంచున ఈటెలో వేగం 10, శక్తి 17 జౌల్స్ దాకా మిగులుతాయి. అంటే రబ్బరు శక్తి, తాడు పొడవు ఒకదానికొకటి సరిగ్గానే కుదిరాయి. తాడుకి ఇంకో చుట్టు వేస్తే మీటరున్నర పైన పెరుగుతుంది గానీ, ఆ మీటరున్నరలో ఈటె చేసే పని ఏమీ ఉండదు. వదులు తాడు కాళ్లకు చుట్టుకునే భయం మాత్రం పెరుగుతుంది.

తాడు మందం కూడా చూడండి. కొత్తపట్నం గన్‌కి అసలు తాడు తెగిపోతే వల కుట్టే మూడు మిల్లీమీటర్ల అల్లిన తాడు కట్టారు. అది నీళ్లు పీల్చుకుని ఉబ్బి ఈటెను వెనక్కి లాగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్ల నున్నటి నైలాన్ దారం వేయగానే తేడా తెలిసింది. నైలాన్‌కి గీతలు పడితే అక్కడే తెగుతుంది. వేళ్లతో తడిమి, గరుకు తగిలితే మార్చేయండి.

6. ట్యాంకులో పరీక్షించండి

కాగితం మీది లెక్కని నీళ్లలో సరిచూసుకోవాలి. మన తీరంలో రొయ్య పిల్లల హేచరీలు చాలా ఉన్నాయి. అక్కడ వాడకంలో లేని పొడవాటి సిమెంటు ట్యాంకు, యజమాని ఒప్పుకుంటే, దీనికి బాగా సరిపోతుంది. కనీసం ఆరు మీటర్ల పొడవు, నడుము దాకా నీళ్లు ఉండాలి. చీమకుర్తి వైపు పాత గ్రానైట్ క్వారీ గుంటల్లో నీళ్లు అద్దంలా కనిపిస్తాయని కొందరు అక్కడికి వెళ్తారు. వెళ్లొద్దు. నిటారు గోడల వల్ల ఎక్కి బయటికి రాలేరు.

గోనె సంచిని నీళ్లలో వేలాడదీసి, దాని వెనక ఇసుక బస్తాలు పేర్చండి. వెనక బస్తాలు లేకపోతే ఈటె సిమెంటు గోడకు తగిలి మొన చెడుతుంది, వెనక్కి కూడా రావచ్చు. సంచి మీద అరచేతి వెడల్పు గుండ్రంగా గీయండి. గన్ పట్టినవాళ్లు తప్ప ట్యాంకులో ఎవరూ ఉండకూడదు. తోడు వచ్చిన మనిషి మీ వెనక గట్టు మీద నిలబడాలి.

ఈటె మొన నుంచి సంచికి ఒకటిన్నర మీటరు దూరంతో మొదలుపెట్టి, అర మీటరు చొప్పున వెనక్కి జరగండి. ప్రతి దూరం నుంచి మూడు సార్లు వేయండి. రెండు విషయాలు చూడండి. మూడూ గుండ్రంలో పడ్డాయా? ముల్లు సంచి అవతలికి దాటి తెరుచుకుందా? రెండూ అవునని వచ్చిన ఆఖరి దూరమే మీ గన్ దూరం. సంచికి తగిలినంత మాత్రాన లెక్కలోకి రాదు.

కుర్రాడి గన్‌కి రబ్బరు, తాడు మార్చాక రెండున్నర మీటర్ల దాకా రెండు పరీక్షలూ నిలిచాయి. మూడు మీటర్ల దగ్గర గుండ్రంలో పడుతున్నాయి గానీ ముల్లు ఒక్కోసారి సంచిలోనే ఉండిపోతోంది. కాబట్టి అతనికి రెండున్నర మీటర్లే అని చెప్పాను.

సంచి మీద పడ్డ రంధ్రాలను బట్టి లోపం ఎక్కడుందో చెప్పొచ్చు.

అన్నీ గురికి పైన పడుతుంటే గన్ తన్నుతోంది. చేయి మడవకుండా చాచి, మణికట్టు బిగించి, రెండో చేత్తో పిడిని ఆనించి పట్టండి. అప్పటికీ పైకే పోతుంటే ఆ గన్ బరువుకి రబ్బరు ఎక్కువైందని అర్థం.

ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి చెదిరితే ఈటె వంగి ఉంటుంది. అద్దం పలక మీద పెట్టి దొర్లించండి. అద్దానికీ ఈటెకూ మధ్య వెలుతురు సందు తిరుగుతూ కనిపిస్తే వంకర ఉన్నట్టే. కంటికి నిటారుగా కనిపించే ఈటెలో కూడా ఈ సందు దొరుకుతుంది.

దగ్గర్లో సరిగ్గా పడి, దూరం పెరిగే కొద్దీ కిందికి దిగుతుంటే వేగం చాలట్లేదు. రబ్బరు పొడవు మళ్లీ కొలవండి. ముల్లు ఈటెకు ఆనుకుని పడుకుంటోందా, వదులై పైకి లేచి ఉంటోందా చూడండి. లేచిన ముల్లు నీళ్లలో బ్రేకులా పనిచేస్తుంది. తాత్కాలికంగా సన్నటి రబ్బరు రింగు వేసి పట్టి ఉంచొచ్చు, చేపకి గుచ్చుకునేటప్పుడు అది వెనక్కి జారిపోతుంది.

7. కంటి కొలత సరిచేసుకోండి

ముఖానికి మాస్క్ పెట్టుకుని నీళ్లలో చూస్తే వస్తువులు ఉన్నదానికన్నా నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. మూడు మీటర్లలో ఉన్నట్టు అనిపించిన చేప నిజానికి నాలుగు మీటర్లలో ఉంటుంది. మీ తాడేమో 3.4 దగ్గర ఆగిపోతుంది. "గన్ కొట్టట్లేదు" అన్నవాళ్లలో ఎంతోమంది గన్‌లో అసలు లోపమే లేదు, చేప అందే దూరంలోనే లేదు.

వెదురు కర్రకి అర మీటరుకి ఒక గుర్తు పెట్టి, ట్యాంకులో నీళ్ల కింద మీ ముందు చాచి పెట్టించుకుని చూడండి. రెండున్నర మీటర్ల గుర్తు నీళ్లలో ఎంత దూరంలా కనిపిస్తుందో కంటికి అలవాటయ్యేదాకా చూడండి. చేప ఆ దూరం లోపలికి వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టొద్దు. బురద నీళ్లలో ఈ లెక్క తారుమారవుతుంది, మసక వల్ల దగ్గరున్నది కూడా దూరంగా అనిపించొచ్చు. అందుకని కర్రతో చూసే పని సముద్రంలో ఒకసారి మళ్లీ చేయండి.

మన తీరానికి ఏది నప్పుతుంది

మన తీరం ఎక్కువగా ఇసుక అడుగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం వానలకు పెన్నా, మన్నేరు, మూసి తెచ్చే ఒండ్రుతో నీళ్లు చాయ్ రంగులో ఉంటాయి. ఆ తర్వాత నీళ్లు తేరినా, ఒడ్డుకి దగ్గర్లో రెండు మూడు మీటర్లు కనిపించడమే గొప్ప. కనిపించే దూరం రెండు మీటర్లయినప్పుడు నాలుగు మీటర్లు కొట్టే గన్‌తో ఉపయోగం లేదు, అపాయం మాత్రం ఉంది. చేప వెనక ఏముందో మీకు కనపడదు. అక్కడ ఎవరి వలో, ఇంకో మనిషో ఉండొచ్చు. ఈటె, తాడు కలిపి వెళ్లగలిగే దూరం మొత్తం మీకు కనిపించకపోతే వేయకండి.

అందుకే మన నీళ్లకు 75 సెంటీమీటర్ల గన్, ఒక్క రబ్బరు, ఒక చుట్టు తాడు చాలని నా అభిప్రాయం. తిప్పడం సులువు, ఎక్కించడం సులువు. 90 ఇప్పటికే కొనేసినవాళ్లు అదే వాడుకోండి, 110 మాత్రం కొనకండి.

కృష్ణపట్నం, రామాయపట్నం రేవుల హద్దుల్లోకి, జువ్వలదిన్నె హార్బర్ లోపలికి గన్‌తో దిగొద్దు. వెళ్లేముందు మత్స్యశాఖ స్థానిక కార్యాలయంలోనూ, మెరైన్ పోలీసుల దగ్గరా అడిగి వెళ్లండి. తాబేళ్లు చట్టం కింద రక్షణలో ఉన్నాయి. శీతాకాలం నుంచి గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకే వస్తాయి. మసక నీళ్లలో గుండ్రటి నీడ కనిపిస్తే గన్ కిందికి దించేయండి.

గాలి గన్ అయితే

ఇందులో రబ్బరు పని గాలి చేస్తుంది. లోపలి గదిలో పంపుతో గాలి నింపి ఉంటుంది. ఈటెను గొట్టంలోకి నెట్టినప్పుడు పిస్టన్ ఆ గాలిని ఇంకా నొక్కుతుంది. ట్రిగ్గర్ లాగితే గాలి పిస్టన్‌ని, పిస్టన్ ఈటెను తోస్తాయి. రబ్బరులా చివరికి సున్నా అయిపోకుండా తోపు దాదాపు ఒకేలా గొట్టం చివరిదాకా ఉంటుంది. అందుకే పొట్టి గాలి గన్ కూడా గట్టిగా కొడుతుంది. మూతి దాటాక మాత్రం నాలుగో మెట్టులో చెప్పిన నీళ్ల లెక్కే, అందులో ఏ మార్పూ లేదు.

దీని చిక్కు ఏమిటంటే, గాలి కారిపోయినా బయటికి తెలియదు. కాబట్టి తూకం మీద చూడాలి. ఈటె మొన విప్పేసి, తూకం మీద గుంట పెట్టిన చెక్క ముక్క ఉంచి, ఈటె చివర ఆ గుంటలో ఆనించండి. గన్‌ని నిటారుగా నిలబెట్టి నెమ్మదిగా కిందికి నొక్కండి. ముఖం, ఛాతీ గన్‌కి పక్కగా ఉంచండి, మీద వంగొద్దు. ఈటె కదలడం మొదలైన క్షణంలో అంకె చదివి, ఒకటి రెండు సెంటీమీటర్లు మించకుండా నెమ్మదిగా వదిలేయండి. ట్రిగ్గర్‌లో తగిలేదాకా నొక్కొద్దు.

గొట్టం లోపలి వెడల్పు 13 మిల్లీమీటర్లయితే ఒక్కో బార్ ఒత్తిడికి సుమారు 1.35 కిలోలు. 20 బార్ నింపిన గన్ 27 కిలోలు చూపించాలి. 20 కిలోలే చూపిస్తే లోపల 15 బార్ ఉన్నట్టు. గన్‌ని బకెట్ నీళ్లలో ముంచి, గాలి నింపే వాల్వు దగ్గర, మూతి దగ్గర బుడగలు వస్తున్నాయేమో చూడండి. గాలి ఉండగా ఏ స్క్రూ కూడా విప్పొద్దు.

గాలి నింపడానికి గన్‌తో వచ్చిన చేతి పంపే వాడాలి. పంక్చర్ షాపు కంప్రెసర్ ఎనిమిది, పది బార్ దగ్గరే ఆగిపోతుంది, అక్కడ నింపించుకుని సరిపోయిందనుకుంటారు. గన్ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దాటించొద్దు.

ఇంకో రెండు విషయాలు దీని దూరాన్ని తగ్గిస్తాయి. ఒకటి, గొట్టంలో నిండే నీళ్లు. పిస్టన్ ఈటెతో పాటు ఆ నీళ్లను కూడా మూతిలోంచి బయటికి నెట్టాలి. గొట్టంలోకి నీళ్లు రానివ్వని వాక్యూమ్ మూతి ఉన్న గన్‌లు అదే ఒత్తిడికి ఇంకా బాగా కొట్టేది ఇందుకే. రెండోది లోతు. పది మీటర్ల లోతులో బయటి నీళ్లు ఇంకో బార్ ఒత్తిడితో ఎదురు నెడతాయి. 20లో ఒకటి అంటే ఐదు శాతం తోపు తగ్గినట్టు. మనం దిగే లోతులకు ఇది పట్టించుకోనక్కర్లేదు. రబ్బరుకైతే లోతుతో పనే లేదు.

మన ఒడ్డున గాలి గన్‌కి అసలు శత్రువు ఇసుక. అలల్లో గన్‌ని ఇసుక మీద పెట్టి మాస్క్ సర్దుకుంటే చాలు, మూతిలోంచి రెండు రేణువులు లోపలికి పోయి పిస్టన్ సీలుని గీస్తాయి. వారం తర్వాత తూకం మీద అంకె తగ్గడం మొదలవుతుంది. గన్‌ని ట్యూబుకో, పడవ అంచుకో తగిలించి ఉంచండి. బయటికి వచ్చాక మూతిలోంచి మంచినీళ్లు పోసి, ఒంపి, మళ్లీ పోయండి. రబ్బరు గన్ అయితే రబ్బరును మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, టాల్కం పౌడరు రాసి, ఎండ తగలని డబ్బాలో పెట్టండి. ఈటె నుంచి రబ్బరు దించకుండా ఇంటికి తీసుకెళ్లొద్దు.